చేతిరాత వంట కార్డు ఫోటో నుంచి సరైన కొలతల దాకా: టైప్ చేయాలా, ఫోన్‌తో చదివించాలా, ఏఐకి ఇవ్వాలా?

చేత్తో రాసిన వంట కార్డును ఫోటో తీసి, అందులోంచి పదార్థాల జాబితా, తయారీ దశలు, మనకు కావలసినంత మందికి సరిపడే కొలతలు తెచ్చుకోవడం చూడ్డానికి ఒకే పనిలా కనిపిస్తుంది. అందులో మూడు పనులున్నాయి. మొదటిది, కార్డు మీద ఏముందో ఉన్నది ఉన్నట్టు చదవడం. రెండోది, చదివినదాన్ని విడగొట్టడం, అంటే కొలత, యూనిట్, పదార్థం, దశలు ఏవి ఏవో వేరు చేయడం. మూడోది, కొలతలను పెంచడం లేదా తగ్గించడం. ఈ మూడూ ఒకే సాధనానికి అప్పజెప్పితే పని త్వరగానే అవుతుంది. కానీ చివరికి కేక్ పాడైతే తప్పు చదవడంలో జరిగిందా, లెక్కలో జరిగిందా అన్నది తేల్చుకోలేం. అందుకే ఏ సాధనం మంచిదని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. ఒక్కో పనికి ఒక్కో సాధనం ఎంచుకోండి. ఎంచుకునేటప్పుడు ఎంత వేగంగా పనిచేస్తుందన్నది కాదు, తప్పు చేస్తే ఆ తప్పు మీ కంటికి కనిపిస్తుందా లేదా అన్నది చూడండి.

మాట్లాడుకోవడానికి ఒక కార్డు ముందు పెట్టుకుందాం. 8 అంగుళాల గుండ్రటి పాన్‌లో చేసే మామూలు కేక్. ముందువైపు ఇంగ్లిష్‌లో, పొట్టి అక్షరాలతో పదార్థాలు ఉన్నాయి: మైదా ఒకటిన్నర c, చక్కెర ముప్పావు c, బేకింగ్ పౌడర్ 2 t, ఉప్పు పావు t, గుడ్లు 3, నూనె అర c, పాలు అర c, వెనీలా 2 t. పాల పక్కన చిన్నగా ‘2 T పక్కన ఉంచాలి’ అని ఉంది. అడుగున ‘350, అయ్యేదాకా’ అని మాత్రమే ఉంది, నిమిషాలు లేవు. తయారీ విధానం కార్డు వెనకవైపు ఉంది. గుడ్లు, చక్కెర గిలక్కొట్టి, నూనె, పాలు కలిపి, పొడి పదార్థాలను రెండు విడతలుగా వేసి బేక్ చేయాలి. వేడిగా ఉండగానే పక్కన ఉంచిన పాలను పైన రాయాలి. ఇక్కడ c అంటే కప్పు, చిన్న t అంటే టీ స్పూన్, పెద్ద T అంటే టేబుల్ స్పూన్. ఒక టేబుల్ స్పూన్ అంటే మూడు టీ స్పూన్లు. కాబట్టి ఆ అక్షరం చిన్నదా పెద్దదా అన్న ఒక్క విషయం మీద కొలత మూడు రెట్లు మారిపోతుంది.

చదవడం: మూడు దారులు

మొదటి దారి మీరే చదివి టైప్ చేయడం. కార్డులు నాలుగైదు ఉంటే దీన్ని మించింది లేదు. టైప్ చేయడం విసుగైతే, కార్డును పైకి చదువుతూ ఫోన్ కీబోర్డులోని మైక్ బొత్తాంతో చెప్పి రాయించవచ్చు. అప్పుడు చేతిరాతను చదివేది మీ కన్నే, ఫోన్ వినేది మీ మాట మాత్రమే. అయితే మాటల్లో చెప్పిన ‘ఒకటిన్నర’ తెర మీద ఎలా పడిందో వెంటనే చూసుకోవాలి. ఈ దారిలో అసలు లాభం వేరే ఉంది. కార్డు రాసినవాళ్లు మీకు తెలిసినవాళ్లైతే వాళ్ల పొట్టి గుర్తులు మీకు తెలుసు. ఆ తెలివిడి ఏ సాఫ్ట్‌వేర్‌కీ ఉండదు.

రెండో దారి ఓసీఆర్, అంటే బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టి రాతగా మార్చడం. గూగుల్ లెన్స్, ఐఫోన్‌లోని లైవ్ టెక్స్ట్ లాంటివి మామూలు వాడకంలో ఈ పని చేస్తాయి. విడివిడిగా, శుభ్రంగా రాసిన ఇంగ్లిష్ అక్షరాలను ఇవి బాగానే పట్టుకుంటాయి. కలిపి రాసిన రాతలో తడబడతాయి. తెలుగు చేతిరాతకైతే నేను ఈ దారి చూపించను. కింద వేసే ఒత్తులు పక్క గీతలోకి జారతాయి, తలకట్టు అక్షరానికి అతికిందో లేదో తెలియక ప, వ ఒకదానికొకటి మారిపోతాయి. ఉచితంగా దొరికే టెసరాక్ట్ అనే ఓసీఆర్ ఇంజిన్‌కు తెలుగు వచ్చు గానీ, అది అచ్చు అక్షరాల కోసం తయారైనది. చేతిరాత మీద దాని నుంచి పెద్దగా ఆశించకూడదు.

మన కార్డును ఇలాంటి సాధనంతో చదివిస్తే తెర మీద ఇలా పడే అవకాశం ఉంది:

```
11/2 c flour
314 c sugar
2 + b. powder
1/4 t salt
3 eggs
112 c oil
```

ఒకటిన్నరలో ఒకటికీ అరకూ మధ్య ఖాళీ పోయింది. ముప్పావు, అర రెండింట్లోనూ ఏటవాలు గీత 1 అంకెగా మారింది. చిన్న t కూడిక గుర్తు అయింది. ఇదంతా చూస్తే టెన్షన్ పుడుతుంది. కానీ నా దృష్టిలో ఇవి మంచి తప్పులు. 314 కప్పుల చక్కెర ఎవరూ వేయరు, కాబట్టి చూడగానే పట్టుబడుతుంది. ఓసీఆర్ తప్పులు ఎక్కువగా ఇలా వికారంగా ఉంటాయి, అందుకే దిద్దడం సులువు. పైవాటిలో కాస్త ప్రమాదమైనది 11/2 ఒక్కటే. దాన్ని భిన్నంగా తీసుకుంటే అయిదున్నర కప్పులవుతుంది, తొందరలో చూస్తే సరైనదే అనిపిస్తుంది.

మూడో దారి ఫోటోను చూసి అర్థం చేసుకునే ఏఐ మోడల్. కలిపి రాసిన రాతను, నూనె మరక కింద సగం చెరిగిన మాటను, పొట్టి గుర్తులను ఇది ఓసీఆర్ కన్నా చాలా బాగా చదువుతుంది. ఎందుకంటే అది అక్షరాలను మాత్రమే చూడదు, ఈ చోట ఏ మాట ఉండే అవకాశం ఎక్కువో కూడా చూస్తుంది. దాని బలం అదే, దాని ప్రమాదం కూడా అందులోనే ఉంది. మామూలు కేక్‌లో వెనీలా ఒక టీ స్పూన్ వేయడం వాడుక. మన కార్డులో రెండున్నాయి. రాత కాస్త మసకగా ఉంటే ఆ రెండు కాస్తా ఒకటిగా వచ్చేయవచ్చు. ‘350, అయ్యేదాకా’ అన్నది ‘350°F, 30–35 నిమిషాలు’ అయిపోవచ్చు. కార్డులో లేని ‘ముందుగా ఓవెన్ వేడి చేయండి’ అన్న దశ మొదట్లో చేరవచ్చు. పక్కన ఉంచాల్సిన పాల సంగతి ఎగిరిపోవచ్చు. వీటిలో ఒక్కటి కూడా చూడగానే తప్పనిపించదు. నీట్‌గా, నమ్మకంగా కనిపిస్తాయి. చిక్కల్లా ఏమిటంటే, ఆ కార్డుకు విలువ తెచ్చేవి సరిగ్గా ఈ మామూలు కాని అంకెలే. రెండు స్పూన్ల వెనీలా ఆ కేక్ రుచి. అది ఒకటైపోతే మీ దగ్గర మిగిలేది ఎక్కడైనా దొరికే కేక్ రెసిపీ.

అలాగని మోడల్‌ను వాడవద్దని నేను అనను. వాడే పద్ధతి మార్చాలంటాను. జాబితా తయారు చేయమని మొదటే అడగకూడదు. ముందు కార్డులో ఉన్నది గీత గీతకీ, పొట్టి గుర్తులు విప్పకుండా, తప్పులు దిద్దకుండా, ఏదీ చేర్చకుండా రాయమనాలి. చదవలేని చోట ఊహించకుండా ప్రశ్నార్థకం పెట్టమనాలి. అలా వచ్చినదాన్ని ఫోటోతో సరిచూశాకే విడగొట్టే పని మొదలుపెట్టాలి. ఈ రెండు మెట్లు కలిపేస్తే, ఏది కార్డు మాటో ఏది మోడల్ మాటో తర్వాత మీకే తెలియదు.

ఏ దారైనా ఫోటో బాగుండకపోతే లాభం లేదు. ఫ్లాష్ ఆపేసి, కిటికీ వెలుగులో, కార్డుకు నిటారుగా పైనుంచి, కార్డు ఫ్రేమంతా నిండేలా తీయాలి. వెనకవైపు కూడా తీయాలి. మన కార్డులో తయారీ విధానం మొత్తం అక్కడే ఉంది. ముందువైపు ఫోటో ఒక్కటే ఇస్తే మోడల్ దశలను సొంతంగా అల్లి ఇచ్చే ప్రమాదం కూడా ఉంది.

సరిచూసే పద్ధతి

మొత్తం ఒకసారి చదివి ‘బాగానే ఉంది’ అనుకోవడం సరిచూడటం కాదు. ముందుగా గీతలు లెక్కపెట్టండి. కార్డులో ఎనిమిది పదార్థాలుంటే జాబితాలోనూ ఎనిమిదే ఉండాలి. తర్వాత అంకెలను, వాటి పక్కనున్న యూనిట్ అక్షరాలను మాత్రమే, కింది నుంచి పైకి చూస్తూ ఫోటోతో పోల్చండి. పైనుంచి చదివితే వాక్యం అర్థమవుతూ పోతుంది, మన బుర్ర కూడా మోడల్‌లాగే ఖాళీలు పూరించేస్తుంది. కింది నుంచి చూస్తే ఆ ప్రవాహం తెగిపోయి కన్ను అంకె మీదే నిలుస్తుంది.

అనుమానం వచ్చిన అంకెకు జవాబు అదే కార్డులో వెతకండి. ఆ చెయ్యి 3ను, 5ను ఎలా రాస్తుందో ‘350’ దగ్గర చూడవచ్చు, ఎందుకంటే ఓవెన్ వేడి దగ్గర వేరే అంకె ఉండే వీలు తక్కువ. ఏదైనా వాక్యం పెద్ద T తో మొదలైతే, ఆ T పక్కన పెట్టి చూస్తే బేకింగ్ పౌడర్ దగ్గరున్నది చిన్నదో పెద్దదో తేలిపోతుంది.

ఆఖరున నిష్పత్తి చూడాలి. ఇలాంటి కేక్‌లో కప్పు మైదాకు సుమారు ఒకటి నుంచి ఒకటింపావు టీ స్పూన్ బేకింగ్ పౌడర్ వాడతారు. ఒకటిన్నర కప్పులకు 2 టీ స్పూన్లు అంటే కాస్త పైనే, అయినా నమ్మదగినది. అదే 2 టేబుల్ స్పూన్లు అయితే ఆరు టీ స్పూన్లు, కేక్ చేదెక్కుతుంది. కాబట్టి అది చిన్న t నే. మైదా అయిదున్నర కప్పులైతే మూడు గుడ్లతో, అర కప్పు పాలతో పిండి తడవనే తడవదు. అయితే ఒక జాగ్రత్త చెప్పాలి. నిష్పత్తి అనుమానం తెప్పించడానికి పనికొస్తుంది, అంకె మార్చడానికి కాదు. వెనీలా రెండు స్పూన్లు ఎక్కువనిపించవచ్చు. కార్డులో రెండని స్పష్టంగా ఉంటే రెండే రాయాలి.

విడగొట్టి ఎక్కడ పెట్టాలి

సరిచూసిన రాతను పెట్టుకోవడానికి మూడు చోట్లున్నాయి. అవి రెసిపీ ఆప్, మామూలు నోట్, స్ప్రెడ్‌షీట్. కొలతలు మార్చే ఉద్దేశం లేకపోతే నోట్ చాలు. మార్చాలంటే పోటీ ఆప్‌కూ షీట్‌కూ మధ్యే.

ఆప్‌లో ‘ఎంతమందికి’ అన్న అంకె మారిస్తే కొలతలు మారిపోతాయి. సౌకర్యంగానే ఉంటుంది. కొనే ముందు ఒక చిన్న పరీక్ష పెట్టండి. మన కార్డునే అందులో ఎక్కించి రెట్టింపు చేయండి. జాబితాలో పాలు అర కప్పు నుంచి కప్పుకు వెళ్తాయి. తయారీ దశలో ‘2 టేబుల్ స్పూన్ల పాలు పైన రాయండి’ అన్నది 4 అయిందా? కాకపోతే ఆ ఆప్ జాబితాను మాత్రమే పెంచుతోంది, దశల్లో దాగిన అంకెలను పట్టించుకోవడం లేదు. రెండింటికీ పొంతన పోయినా తెర మీద ఏ హెచ్చరికా రాదు.

దీనికి మందు రాసే తీరులోనే ఉంది. దశల్లో కొలతలు రాయకండి. పాలను జాబితాలోనే రెండు వరసలుగా విడగొట్టండి. అర కప్పు అంటే 8 టేబుల్ స్పూన్లు. అందులో పిండిలోకి 6, పైన రాయడానికి 2. దశలో ‘పైన రాసే పాలు’ అని పేరు మాత్రమే ఉండాలి. నిమిషాలు, డిగ్రీలు, ‘రెండు విడతలుగా’ లాంటివి దశల్లోనే ఉండవచ్చు, వాటిని ఎలాగూ గుణించకూడదు.

నా ఓటు స్ప్రెడ్‌షీట్‌కే. ఒక వరసకు ఒక పదార్థం. మొదటి గడిలో కార్డులోని మాట యథాతథంగా, తర్వాత కొలత, యూనిట్, పదార్థం, ఆఖరున అనుమానాల గడి. ‘యథాతథం’ గడిని ఎప్పటికీ చెరపవద్దు. పదేళ్ల తర్వాత ఎవరైనా ‘ఇది నిజంగా రెండు స్పూన్లేనా?’ అని అడిగితే జవాబు అక్కడుంటుంది. కొలత B గడిలో, గుణకం H1 లో ఉంటే, పెంచిన కొలతకు సూత్రం ఇంతే:

```
=B2*$H$1
```

భిన్నాలతో ఒక చిక్కుంది. షీట్‌లో నేరుగా 1/2 అని కొడితే అది తారీఖుగా మారిపోతుంది. 3/4 కూడా అంతే. అందుకని `=1/2`, `=3/4` అని కొట్టాలి, లేదా 0.5, 0.75 అని రాయాలి. పైగా తారీఖు వెనక పెద్ద అంకె ఉంటుంది. దాన్ని గుణకంతో గుణిస్తే వేలల్లో ఏదో వస్తుంది. అలాంటి అంకె కనిపిస్తే ముందు ఈ గడినే అనుమానించండి.

పెంచడం: మన కేక్ 10 అంగుళాల పాన్‌లోకి

8 అంగుళాల పాన్ నుంచి 10 అంగుళాల పాన్‌కు వెళ్లాలంటే చాలామంది పదిని ఎనిమిదితో భాగించి 1.25 రెట్లు చాలనుకుంటారు. పాన్‌లో పిండి పట్టేది అడుగు వైశాల్యాన్ని బట్టి. అది వ్యాసం వర్గంతో పెరుగుతుంది. వందను అరవై నాలుగుతో భాగిస్తే 1.56. లెక్క సులువు కోసం 1.5 తీసుకుందాం. కేక్ ఎత్తు కొంచెం తగ్గుతుంది, తేడా పెద్దగా తెలియదు.

పెంచే ముందు కప్పులను గ్రాముల్లోకి మార్చడం మంచిది. కానీ ఏ కప్పు? అమెరికా కప్పు సుమారు 237 మిల్లీలీటర్లు, మెట్రిక్ కప్పు 250. కార్డులో 350 అన్న వేడి ఫారెన్‌హీట్‌లోనే సాధ్యం, అది సుమారు 177 సెల్సియస్. 350 సెల్సియస్ ఇంటి ఓవెన్‌లో కేక్‌కు పనికిరాని వేడి. పాన్ అంగుళాల్లో ఉంది, వేడి ఫారెన్‌హీట్‌లో ఉంది కాబట్టి అమెరికా కప్పు అనుకోవడం సబబు. అయితే ఇది మన అంచనా, కార్డు మాట కాదు. అనుమానాల గడిలో రాసి పెట్టాలి. కార్డు రాసినవాళ్ల ఇంట్లో ఫలానా కప్పు వాడేవారని మీకు తెలిస్తే, అందులో నీళ్లు పోసి కొలిచి ఆ అంకెనే తీసుకోండి.

మైదా కప్పుకు 120 గ్రాములు, చక్కెర కప్పుకు 200 గ్రాములు లెక్కేస్తే, కార్డు ప్రకారం మైదా 180, చక్కెర 150 గ్రాములు. ఒకటిన్నర రెట్లు చేస్తే 270, 225. మైదాను కప్పుతో ముంచి అదిమి తీసేవాళ్లకు ఇదే కప్పు 140 గ్రాముల పైన కూడా తూగుతుంది. మొదటిసారి చేసినప్పుడు పిండి పల్చగా అనిపిస్తే కారణం ఇక్కడ వెతకాలి. నూనె ముప్పావు కప్పు. బేకింగ్ పౌడర్ 3 టీ స్పూన్లు, అంటే ఒక టేబుల్ స్పూన్. వెనీలా కూడా అంతే. ఉప్పు పావు టీ స్పూన్‌కు ఒకటిన్నర రెట్లు, అంటే పావు మీద అరపావు. పాలు పిండిలోకి 9 టేబుల్ స్పూన్లు, పైన రాయడానికి 3. రెండూ కలిపితే 12, అంటే ముప్పావు కప్పు. ఇలా మొత్తం సరిపోయిందా అని ఒకసారి కూడి చూడటం మానవద్దు.

గుడ్ల దగ్గర నాలుగున్నర వస్తుంది. ఇక్కడ షీట్ అయినా ఆప్ అయినా 4.5 అని చూపించి ఊరుకుంటుంది. పెంకు తీసిన పెద్ద గుడ్డు సుమారు 50 గ్రాములు. అయిదు గుడ్లు కొట్టి గిలక్కొట్టి, 225 గ్రాములు తూచి తీసుకుంటే సరిపోతుంది. తూకం లేకపోతే నాలుగు గుడ్లు వేసి పాలు ఒక టేబుల్ స్పూన్ పెంచేస్తాను. అయిదు వేయడం కన్నా నాకు అదే నచ్చుతుంది. ఎక్కడైనా అంకెను సరిచేసి గుండ్రం చేయాలంటే చివర్లో ఒక్కసారే చేయాలి. మధ్యలో గుండ్రం చేసి మళ్లీ గుణిస్తే తేడా పెరుగుతుంది.

వేడికి గుణకం వర్తించదు, 350 అలాగే ఉంటుంది. కార్డులో నిమిషాలు లేవు కాబట్టి ఆ గడి ఖాళీగా వదిలి, ‘అయ్యేదాకా’ అన్న మాటే ఉంచాలి. పిండి ఎత్తు దాదాపు అంతే కాబట్టి సమయం ఒకటిన్నర రెట్లు కాదు. పాన్ వెడల్పు వల్ల మధ్యభాగం కాస్త ఆలస్యంగా ఉడుకుతుంది, అంతే. మధ్యలో పుల్ల గుచ్చితే తడి పిండి అంటకుండా రావాలి. మొదటిసారి చేసినప్పుడు ఎన్ని నిమిషాలు పట్టిందో, ఏ పాన్‌లో చేశారో షీట్‌లో మీ పేరుతో వేరే వరసలో రాయండి. కార్డు వరసల్లో కలపవద్దు.

ఏ కార్డుకు ఏది

నాలుగైదు కార్డులే ఉండి చేతిరాత మీకు తెలిసినదైతే టైప్ చేయండి, మిగతావాటి గురించి ఆలోచించనక్కర్లేదు. పదుల్లో కార్డులుండి, విడి అక్షరాల ఇంగ్లిష్ రాత అయితే ఓసీఆర్ మేలు. భిన్నాలను మాత్రం ఒక్కోదాన్నీ చేత్తో దిద్దుకోవాలి. కలిపి రాసినవి, మరకలు పడ్డవి, తెలుగులో రాసినవి ఎక్కువుంటే ఏఐ మోడల్‌తో యథాతథ నకలు తీయించి, అంకెలన్నీ కింది నుంచి పైకి సరిచూడండి. అంత సరిచూసే ఓపిక లేకపోతే మోడల్ జోలికి పోకండి. అప్పుడు ఓసీఆరే నయం, దాని తప్పులు కనీసం కంటికి కనిపిస్తాయి. ఫోటోలో ఎంత పెద్దది చేసి చూసినా తేలని అంకె ఉంటే ఏ సాధనంతోనూ పూరించవద్దు. గడిలో ప్రశ్నార్థకం ఉంచి, రెండు విలువలతోనూ చిన్న మోతాదులో చేసి చూసి, నచ్చినదాన్ని మీ వరసలో రాసుకోండి.